రంగు మారని పట్టీ, పేరు మారిన క్రేయాన్

గాయానికి అతికించే పట్టీ, పిల్లలు బొమ్మలకు పూసే క్రేయాన్ ఒకప్పుడు ‘ఒంటి రంగు’ అన్న పేరుతోనే అమ్ముడయ్యాయి. ఆ గులాబీ, లేత పసుపు కలిసిన రంగు ప్రపంచంలో ఎక్కువమంది ఒంటికి సరిపోదు. ఆ సంగతి తెలిశాక కంపెనీలు ఏం చేశాయి? ఎందుకు అంత ఆలస్యం చేశాయి? న్యూజెర్సీ వంటింట్లో మొదలై, బోనకల్ మెడికల్ షాపు గుమ్మం దగ్గర ఇంకా ఆగి ఉన్న యథార్థ గాథ ఇది.

పత్తి కొనే ఉద్యోగి ఇంట్లో

1920. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, న్యూ బ్రన్స్‌విక్ పట్టణం. జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీలో ఎర్ల్ డిక్సన్ అనే యువకుడు పత్తి కొనుగోలు చూసే ఉద్యోగి. అతని భార్య జోసెఫిన్ వంట చేస్తూ తరచూ వేళ్లు కోసుకునేది, కాల్చుకునేది. అప్పట్లో చిన్న గాయానికైనా దూది, గాజుగుడ్డ, టేపు వేరువేరుగా తెచ్చుకుని కట్టుకోవాలి. ఒంటిచేత్తో అది కుదరదు. భర్త ఇంట్లో లేని వేళ గాయమైతే ఆమెకు కట్టు కట్టేవాళ్లుండరు.

డిక్సన్ ఒక సాయంత్రం బల్ల మీద సర్జికల్ టేపును జిగురు వైపు పైకి వచ్చేలా పొడుగ్గా పరిచాడు. దాని మధ్యలో కొంచెం కొంచెం ఎడంగా గాజుగుడ్డ ముక్కలు పెట్టాడు. జిగురు ఎండిపోకుండా పైన క్రినొలిన్ అనే గరుకు బట్ట కప్పి మళ్లీ చుట్ట చుట్టేశాడు. అవసరమైనప్పుడు జోసెఫిన్ కావలసినంత కత్తిరించుకుని, పైబట్ట తీసి, తానే వేలికి చుట్టుకోవచ్చు. ఈ సంగతి కంపెనీ పెద్దల చెవిన పడింది. 1921లో ‘బ్యాండ్-ఎయిడ్’ బజారుకొచ్చింది. మొదట్లో అవి చేత్తో చేసినవి, సుమారు 3 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల పొడవు. పెద్దగా అమ్ముడుపోలేదు. 1924లో యంత్రం మీద చిన్న ముక్కలుగా తయారు చేయడం మొదలయ్యాకే అది ఇంటింటి వస్తువైంది.

డిక్సన్ దంపతులకు వచ్చిన ఆలోచన రంగు గురించి కాదు. ఒంటిచేత్తో కట్టుకోగలగడమే వాళ్లకు కావాలి. రంగు తర్వాత వచ్చింది, అదీ అమ్మకం కోసం వచ్చింది. గాయం తగిలిందని పదిమందికీ తెలియనక్కర్లేదు, వేసిన పట్టీ కనబడకూడదు అనే మాట వ్యాపార ప్రకటనల్లోకి చేరింది. 1950లలో బ్యాండ్-ఎయిడ్ ప్రకటనలు తమ పట్టీ ఒంటి రంగులో ఉంటుందని, దాదాపు కంటికి కనిపించదని గొప్పగా చెప్పుకున్నాయి. ఎవరి కంటికి, ఎవరి ఒంటి మీద అనే ప్రశ్న ఆ ప్రకటన రాసినవాళ్లకు తట్టలేదు. వాళ్ల లెక్కలో కొనేవాడు తెల్లవాడే. నల్లజాతి అమెరికన్ మోచేతి మీద అదే పట్టీ దూరం నుంచే పిలిచినట్టు కనిపించేది. కనిపించకపోవడమే ఆ సరుకు గుణమైతే, అతను డబ్బు పూర్తిగా చెల్లించి సగం సరుకే ఇంటికి తీసుకెళ్లినట్టు.

1950ల చివర్లో పారదర్శకమైన పట్టీ వచ్చింది. రంగు గొడవ తీరిపోయిందనుకోవచ్చు గానీ తీరలేదు. అంచులు పారదర్శకంగా ఉన్నా, మధ్యలో గాయాన్ని తాకే మెత్త లేతరంగులోనే ఉండిపోయింది. ముదురు చర్మం మీద ముందు కంటపడేది ఆ నలుచదరపు మెత్తే.

1962: మారింది కాగితం మాత్రమే

బ్యాండ్-ఎయిడ్ కథ ఇలా నడుస్తుండగా, పక్క రాష్ట్రమైన పెన్సిల్వేనియాలో ఇంకో కథ నడిచింది. బిన్నీ అండ్ స్మిత్ కంపెనీ 1903 నుంచి క్రేయోలా పేరుతో మైనపు రంగులు అమ్ముతూ వచ్చింది. వాటిలో ఒక రంగు పేరు ‘ఫ్లెష్’. అంటే ఒంటి రంగు. పట్టీ రంగుకు దగ్గరి చుట్టమే అది.

క్రేయాన్ తయారీ చూస్తే ఆ తర్వాత జరిగింది సులభంగా అర్థమవుతుంది. పారఫిన్ మైనాన్ని కరిగిస్తారు. అందులో రంగు పొడి కలుపుతారు. అచ్చుల్లో పోసి చల్లారనిస్తారు. చల్లారిన పుల్లకు పేరు అచ్చు వేసిన కాగితం చుడతారు. రంగు పుట్టేది కరిగే పాత్రలో, పేరు పుట్టేది కాగితం మీద. రెండూ వేరువేరు పనులు.

1950ల చివర, 1960ల మొదట్లో అమెరికాలో నల్లజాతి వారి పౌర హక్కుల ఉద్యమం వీధుల్లోకొచ్చింది. బస్సులో సీటు దగ్గర, హోటల్లో బల్ల దగ్గర, బళ్లో తరగతి గది దగ్గర ‘ఇది ఎవరిది’ అనే ప్రశ్న లేచింది. అదే ప్రశ్న క్రేయాన్ల పెట్టెకూ వచ్చింది. 1962లో కంపెనీ ‘ఫ్లెష్’ అనే పేరు తీసేసి ‘పీచ్’ అని పెట్టింది. ఉద్యమం కూడా ఆ మార్పుకు ఒక కారణమని కంపెనీయే చెబుతుంది.

ఆ మార్పును తక్కువ చేయనక్కర్లేదు. ఆరేళ్ల పిల్ల చేతిలోని పుల్ల మీద ‘ఒంటి రంగు’ అని రాసి, అది ఆ పిల్ల ఒంటికి సరిపోకపోతే, తప్పు రంగుది కాదు, తన ఒంటిదే అని ఆ పిల్ల అనుకుంటుంది. ఆ చదువు అక్కడితో ఆగింది. కానీ కరిగే పాత్రలో ఏమీ మారలేదు. పెట్టెలో లేతరంగు ఉంది, దానికి మర్యాదైన పేరు వచ్చింది. గోధుమ రంగు పిల్లలు తమ ముఖం వేసుకోవడానికి తగిన పుల్ల ఇంకా లేదు. ఉన్న ముదురు గోధుమ రంగు చెట్టు మొదలుకు, మట్టికి వేసేది.

అది రావడానికి మరో 30 ఏళ్లు పట్టింది. 1992లో క్రేయోలా రకరకాల చర్మపు ఛాయలతో 8 పుల్లల పెట్టె విడిగా అమ్మింది. 1999లో మరో పేరు తీసింది. ‘ఇండియన్ రెడ్’ అనే ఎర్రమట్టి రంగుకు ఆ పేరు మన దేశపు ఇనుప ఖనిజపు రంగు పొడి వల్ల వచ్చింది. అమెరికా బడిపిల్లలు మాత్రం అది అక్కడి ఆదివాసుల ఒంటి రంగు అనుకుంటున్నారని టీచర్లు చెప్పడంతో దానిని ‘చెస్ట్‌నట్’ అని మార్చారు.

క్రేయాన్ల కథలో ఇక్కడ ఒక క్రమం కనిపిస్తుంది. ముందు పేరు పోయింది, తర్వాత చాలాకాలానికి రంగు వచ్చింది. పట్టీల కథ మొదటి మెట్టు దగ్గరే ఆగింది. అక్కడ పేరు ప్రకటనల్లోంచి నెమ్మదిగా జారిపోయింది. రంగు మాత్రం కదల్లేదు. 1980ల చివర అమెరికా మహిళా ప్రొఫెసర్ పెగ్గీ మెకింటాష్, తెల్లవారికి అడగకుండానే దక్కే సౌకర్యాల పట్టిక ఒకటి రాశారు. తన ఒంటికి ఇంచుమించు సరిపోయే పట్టీ దుకాణంలో దొరకడాన్ని ఆ పట్టికలో చేర్చారు. పుట్టిన 60 ఏళ్ల తర్వాత కూడా పట్టీ అక్కడే ఉందన్నమాట.

బోనకల్లో బల్లకు ఇటువైపు

ఇదంతా అమెరికా గొడవ అనుకునేవాళ్లు ఖమ్మం జిల్లా బోనకల్లో ఏ బడిలోనైనా డ్రాయింగ్ పీరియడ్‌లో కాసేపు కూర్చోవచ్చు. ‘ఒరేయ్, స్కిన్ కలర్ ఇయ్యిరా’ అనే మాట వినబడుతుంది. అవతలివాడు వెతక్కుండానే లేత గులాబీ పుల్ల తీసి ఇస్తాడు. అడిగినవాడి ఒంటి రంగు గానీ, ఇచ్చినవాడి ఒంటి రంగు గానీ, వాళ్లు వేస్తున్న రైతు బొమ్మ రంగు గానీ అది కాదు. బొమ్మలో అమ్మకు, నాన్నకు, టీచరుకు, గాంధీ తాతకు అందరికీ అదే. మన దేశంలో తయారైన కొన్ని పెట్టెల మీద కూడా ఆ పుల్లకు ‘స్కిన్’ అని చాలా ఏళ్లు అచ్చేశారు. 2014 ప్రాంతంలో బెంగళూరులో ఒక న్యాయ విద్యార్థి దీని మీద వినియోగదారుల ఫోరానికి వెళ్లాడు. గోధుమ రంగు మనుషుల దేశంలో ఒక లేతరంగును మాత్రమే ‘చర్మం’ అని అమ్మడం వివక్ష అని, అది న్యాయమైన వ్యాపారం కాదని అతని వాదన. అమెరికా కంపెనీ 1962లో వదిలేసిన పేరు మీద మనం 50 ఏళ్ల తర్వాత ఫిర్యాదు రాయవలసి వచ్చింది.

బడి దాటి మెడికల్ షాపు దగ్గరకు వస్తే పట్టీ సంగతి తెలుస్తుంది. బోనకల్ చుట్టుపక్కల పత్తి, మిర్చి పండిస్తారు. ఎండిన పత్తికాయ మొనలు వేళ్లకు గీసుకుంటాయి. మిర్చి కోతలప్పుడు చిన్న గాయం ఉన్నా ఘాటు తగిలి భగ్గుమంటుంది. అలాంటి రోజుల్లో బల్ల దగ్గర నడిచే మాటలు ఇంచుమించు ఇలా ఉంటాయి.

‘అన్నా, ఏలికి అతికించే పట్టీ ఒకటియ్యి.’

‘ఒకటి సాలా చెల్లె? పనిల తడిస్తే ఊడుద్ది.’

‘అయితే రెండియ్యి.’

ఆయన పెద్ద పెట్టెలోంచి రెండు విడి పట్టీలు తీసి ఇస్తాడు. ఏ రంగు అని ఆమె అడగదు. ఏ రంగు కావాలని ఆయనా అడగడు. అడగడానికి ఒకటే రకం ఉంది. పైన కాగితపు కవరు ఉంటుంది కాబట్టి లోపలి రంగు ఏమిటో చింపితే గానీ కనబడదు. లేత బిస్కెట్ రంగు పట్టీ ఆమె నల్లని వేలి మీద తెల్లటి ఉంగరంలా తేలుతుంది. భద్రాచలం అడవి అంచున పోడు చేసుకునే కోయ యువకుడి మోకాలి మీదైతే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

పట్టీ తెల్లగా ఉన్నంత మాత్రాన గాయం మానకుండా పోదు కదా అనే ప్రశ్న ఇక్కడ వస్తుంది. పోదు. వేలి మీద పట్టీని ఎవరూ పట్టించుకోరు. కానీ ముఖం మీద కుట్లు వేసిన చోట, పెళ్లిచూపుల ముందు మెడ మీద తగిలిన గీత మీద, ఉద్యోగ పరీక్షకు వెళ్లేవాడి నుదుటి మీద అదే పట్టీ అందరి చూపునూ లాగుతుంది. కంపెనీ తన సరుకుకు చెప్పిన మొదటి గుణమే కనబడకపోవడం. ఆ గుణం మన దగ్గరికి వచ్చేసరికి తలకిందులవుతోంది.

1998: సరుకు బాగుంది, అర తప్పింది

ముదురు రంగు పట్టీ చేయడం రాకెట్ విద్యేమీ కాదు. ప్లాస్టిక్ పొరకో, బట్టకో అద్దే రంగు మార్చాలి. అయినా అది ఎందుకు రాలేదో తెలుసుకోవాలంటే వచ్చి పోయినవాడి కథ చూడాలి.

1998లో అమెరికాలో మైఖేల్ పనయియోటిస్ అనే వ్యాపారి ‘ఎబన్-ఎయిడ్’ పేరుతో పట్టీలు తెచ్చాడు. నల్లజాతి వారి కోసమే. నాలుగు ఛాయలు. వాటికి నల్ల లికరిస్, కాఫీ బ్రౌన్, దాల్చిన చెక్క, తేనె రంగు అని తినే వస్తువుల పేర్లు పెట్టాడు. అమెరికాలో కోట్లమంది నల్లజాతి వారున్నారు. ఎవరూ చేయని సరుకు తాను చేస్తున్నాడు. పోటీ లేదు. కాగితం మీద లెక్క ఏ వైపు నుంచి చూసినా లాభమే చూపించింది. లక్షల పెట్టెలు తయారు చేయించాడు.

అవి దుకాణాలకు వెళ్లాయి. వెళ్లి ఎక్కడ కూర్చున్నాయనేదే ఈ కథలో మలుపు. చాలా దుకాణాలు ఎబన్-ఎయిడ్‌ను ప్రథమ చికిత్స సరుకుల అరలో పెట్టలేదు. నల్లజాతి వారి జుట్టు నూనెలు, క్రీముల అరలో పెట్టాయి. వేలు తెగినవాడు ఎక్కడికి వెళ్తాడు? దూది, గాజుగుడ్డ ఉన్న అర దగ్గరికి వెళ్తాడు. అక్కడ ఎప్పటి లేతరంగు పట్టీలే ఉన్నాయి, వాటినే తీసుకుని వెళ్లిపోతాడు. పక్క వరుసలో తన ఒంటి రంగు పట్టీ ఉందని అతనికి తెలిసే దారి లేదు. పట్టీ అనేది ఊరంతా తిరిగి వెతికి కొనే వస్తువు కూడా కాదు. రక్తం కారుతుంటే చేతికి దొరికిందే వేసుకుంటారు.

సరుకు కదల్లేదు. కదలని సరుకుకు దుకాణదారు చోటివ్వడు. 2002కల్లా పనయియోటిస్ లక్షల డాలర్లు పోగొట్టుకుని కంపెనీ మూసేశాడు. 2005లో జాన్సన్ అండ్ జాన్సన్ తానే ‘పర్‌ఫెక్ట్ బ్లెండ్’ పేరుతో వేర్వేరు ఛాయల పట్టీలు తెచ్చింది. తగినంత ఆదరణ లేదని కొంతకాలానికి ఆపేసింది. ఈ రెండు అనుభవాల నుంచి వ్యాపారులు ఒకే పాఠం నేర్చుకున్నారు. ముదురు రంగు పట్టీ ఎవరికీ అక్కర్లేదు అనుకున్నారు. అసలు జరిగింది వేరు. అక్కరున్నవాడికి ఆ సరుకు కనబడనే లేదు.

పేరు మార్చడానికి, రంగు చేర్చడానికి ఉన్న తేడా ఇక్కడే బయటపడుతుంది. క్రేయాన్ మీద పేరు తీసేస్తే కంపెనీకి ఒక అచ్చు మార్పు ఖర్చు. దుకాణదారుకు ఏ ఖర్చూ లేదు. కొత్త ఛాయ పట్టీ చేర్చాలంటే కంపెనీ మూడు రకాలుగా తయారు చేయాలి, మూడు రకాలుగా నిల్వ పెట్టాలి, దుకాణదారు తన అరలో మూడింతల చోటివ్వాలి. అందులో ఒక రకం ఆ పేటలో అసలు కదలకపోవచ్చు. క్రేయాన్లకు ఈ ఇబ్బంది లేదు. పెట్టె ఒకటే, లోపల ఎన్ని రంగులైనా పడతాయి. ఎవరికి కావలసింది వాళ్లు తీసుకుంటారు. పట్టీల పెట్టెలో అన్నీ ఒకే రంగువి. అందుకే ‘ఫ్లెష్’ పేరు 1962లో పోయింది, బ్యాండ్-ఎయిడ్ రంగు దానికి దాదాపు 60 ఏళ్లు వెనకబడింది.

ఒక మోకాలు, ఒక ట్వీటు

మళ్లీ ప్రయత్నించింది వ్యాపారం కోసం వెతుకుతున్నవాడు కాదు, ఒక తండ్రి. అమెరికాకు చెందిన టోబీ మైసెన్‌హైమర్ తెల్లవాడు. నల్లజాతి బిడ్డను దత్తత తీసుకున్నాడు. పిల్లవాడికి దెబ్బ తగిలితే ఇంట్లో ఉన్న పట్టీ వేశాడు. తన ఒంటి మీద కలిసిపోయే పట్టీ కొడుకు ఒంటి మీద కలవలేదని అప్పుడు చూశాడు. 2014లో ‘ట్రూ-కలర్’ పేరుతో వేర్వేరు ఛాయల పట్టీలు అమ్మడం మొదలుపెట్టాడు. ఈసారి ఒక సౌకర్యం ఉంది. ఇంటర్నెట్‌లో అర అనేది ఉండదు. కావలసినవాడు వెతికితే దొరుకుతుంది.

2019 ఏప్రిల్‌లో జాతి సమానత్వం కోసం పనిచేసే ‘రేస్ ఫార్వర్డ్’ సంస్థలో పరిశోధకుడు డొమినిక్ అపోలన్ వేలికి చిన్న దెబ్బ తగిలింది. ట్రూ-కలర్ పట్టీ వేసుకున్నాడు. అప్పటికి అతనికి 45 ఏళ్లు. పట్టీ వేసిన చేయి ఫొటో తీసి ట్విటర్‌లో పెట్టాడు. ఒంటి రంగుకు సరిపోయే పట్టీ వేసుకోవడం తన జీవితంలో ఇదే మొదటిసారని, మొదటి చూపులో పట్టీ అక్కడుందని గుర్తుపట్టడమే కష్టమైందని, కళ్లలో నీళ్లు తిరిగాయని రాశాడు. అది లక్షలమందికి చేరింది. ‘పట్టీకి కన్నీళ్లా’ అని వెక్కిరించినవాళ్లూ ఉన్నారు. నా అనుభవమూ ఇదే అని రాసినవాళ్లు అంతకంటే ఎక్కువ.

ఆ మాటలు చదివినవాళ్లలో బ్రిటన్‌లోని టెస్కో సూపర్‌మార్కెట్ ఉద్యోగి ఒకామె ఉంది. తన కంపెనీలో ఈ సంగతి ఎత్తింది. 2020 ఫిబ్రవరిలో టెస్కో లేత, మధ్యస్థ, ముదురు అనే మూడు ఛాయల్లో సొంత పట్టీలను తన దుకాణాల్లో పెట్టింది. బ్రిటన్ సూపర్‌మార్కెట్లలో అదే మొదటిది. ఎబన్-ఎయిడ్ ఎక్కడ ఓడిపోయిందో టెస్కో అక్కడే గెలిచింది. సరుకు దానిదే, అరా దానిదే. మామూలు పట్టీల పక్కనే వీటినీ పెట్టింది.

అదే ఏడాది మే 25న అమెరికాలోని మినియాపొలిస్‌లో పోలీసు మోకాలి కింద నల్లజాతి అమెరికన్ జార్జ్ ఫ్లాయిడ్ ఊపిరాగింది. దేశమంతా వీధుల్లోకొచ్చింది. జూన్‌లో జాన్సన్ అండ్ జాన్సన్ గోధుమ, నలుపు ఛాయల పట్టీలు తెస్తామని ప్రకటించింది. పర్‌ఫెక్ట్ బ్లెండ్‌ను ఆపేసిన కంపెనీకి ఇప్పుడెందుకు గుర్తొచ్చిందని జనం ముఖం మీదే అడిగారు. 2021లో ‘అవర్‌టోన్’ పేరుతో మూడు గోధుమ ఛాయలు వచ్చాయి. ఈసారి కాఫీ, దాల్చిన చెక్క లాంటి పేర్లు పెట్టలేదు. బీఆర్ 45, 55, 65 అని అంకెలు ఇచ్చారు.

24 పుల్లల లెక్క

క్రేయోలా ఫ్లాయిడ్ మరణానికి నాలుగు రోజుల ముందే, 2020 మే 21న, ‘కలర్స్ ఆఫ్ ది వరల్డ్’ అనే 24 పుల్లల పెట్టె ప్రకటించింది. ఈ పని కోసం ముఖానికి పూసే ఫౌండేషన్ల తయారీలో పేరున్న రసాయన నిపుణుడు విక్టర్ కాసలేను పిలిచింది. మైనపు రంగుకు మేకప్ నిపుణుడెందుకంటే, చర్మపు రంగులో రెండు లెక్కలుంటాయి. ఒకటి ఎంత లేత, ఎంత ముదురు అనేది. రెండోది లోపలి జీర. ఒకే ముదురుతనం ఉన్న ఇద్దరిలో ఒకరి చర్మంలో ఎరుపు జీర ఉంటుంది, ఇంకొకరిలో పసుపు జీర ఉంటుంది. మొదటి లెక్క సరిపోయి రెండోది తప్పితే రంగు ‘దగ్గరగా’ ఉన్నట్టే ఉండి, పూసిన చోట బూడిద రాసినట్టు పాలిపోయి కనిపిస్తుంది. అందుకే ఆ 24 పుల్లలను ఆల్మండ్, గోల్డెన్, రోజ్ అనే మూడు జీరలుగా విడగొట్టి, ఒక్కోదాన్ని లేత నుంచి ముదురు దాకా మెట్లుగా పేర్చారు.

ఇంకో చిక్కు క్రేయాన్‌కే సొంతం. పుల్ల రంగు వేరు, కాగితం మీద పడే రంగు వేరు. మైనం సగం పారదర్శకం, కింద తెల్ల కాగితం తొంగి చూస్తుంది. గట్టిగా నొక్కితే ముదురు, తేలిగ్గా రాస్తే లేత. అందుకే పుల్లను ముఖం పక్కన పెట్టి చూస్తే సరిపోయిందో లేదో తెలియదు. కాగితం మీద ఒక గీత గీసి, దాన్ని మోచేతి లోపలి వైపు పెట్టుకుని, పగటి వెలుతురులో చూడాలి. ట్యూబ్‌లైట్ కింద గోధుమ రంగు వేరేగా కనిపిస్తుంది. పట్టీకి కూడా ఇదే పరీక్ష. అరచేయి పక్కన పెట్టి చూస్తే మోసపోతాం. మన అందరి అరచేతులూ ఒంటికంటే లేతగానే ఉంటాయి.

మూడు ఛాయల పట్టీకి ఉన్న హద్దు కూడా ఇక్కడే తెలుస్తుంది. అది మొదటి లెక్కను, అంటే లేత-ముదురును, మూడు మెట్లుగా పట్టుకుంటుంది. జీరను వదిలేస్తుంది. కోస్తా ఎండలో ఎర్రబారిన గోధుమ రంగుకు, పుట్టుకతో వచ్చిన చామనఛాయకు అది ఒకే పట్టీ ఇస్తుంది. పూర్తిగా కలవదు, కానీ కనబడే తేడా బాగా తగ్గుతుంది.

మన కాలు చూసి చేసినవాళ్లు

మన దేశంలో ఈ పని సరిగ్గా చేసినవాళ్లు లేకపోలేదు. వాళ్లు పట్టీల కంపెనీవాళ్లు కాదు. 1968లో జైపూర్‌లో శిల్పకళ తెలిసిన రామచంద్ర శర్మ, ఎముకల డాక్టరు పి.కె. సేఠీ కలిసి కృత్రిమ పాదం తయారు చేశారు. అప్పటిదాకా దొరికిన విదేశీ పాదం బూటులో దాచుకోవడానికి చేసింది. మన రైతు చెప్పులు విడిచి గుడికి వెళ్తాడు, బురదలో దిగుతాడు, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటాడు. బూటు లేనప్పుడు ఆ పాదం పాదంలా కనబడదు. అందుకని జైపూర్ పాదానికి బయటి పొర గోధుమ రంగు రబ్బరుతో, వేళ్లతో సహా మామూలు కాలిలా పోశారు. బూటు లేకుండా నడవవచ్చు, తడిపినా పాడు కాదు. సేఠీకి 1981లో మెగసెసే పురస్కారం వచ్చింది.

వాళ్లు ముందు మనిషిని చూశారు, తర్వాత రంగు ఎంచుకున్నారు. అందుకే వాళ్లకు ఏ ఉద్యమమూ ఏ ట్వీటూ అవసరం కాలేదు. పట్టీ చేసినవాళ్లు ముందు రంగు ఎంచుకుని, దానికి ఒంటి పేరు పెట్టి, ఆ ఒంటికి సరిపడనివాళ్లను మరచిపోయారు.

బోనకల్‌కు ఎలా రావాలి

ఇప్పుడు తిరిగి మెడికల్ షాపు లెక్క చూద్దాం. అమెరికాలో, బ్రిటన్‌లో ఈ పట్టీలు ఒకే ఛాయ ఉన్న చిన్న డబ్బాలుగా అమ్ముతారు. కొనేవాడు డబ్బా మొత్తం ఇంటికి తీసుకెళ్తాడు. బోనకల్లో అలా కాదు. పెద్ద పెట్టె తెచ్చి ఒకటీ రెండూ విడిగా అమ్ముతారు. మూడు ఛాయలంటే దుకాణదారు మూడు పెద్ద పెట్టెలు కొనాలి. ఏదో ఒకటి మిగిలితే జిగురు గడువు తీరిపోతుంది, నష్టం ఆయనది. ఈ లెక్కతో ఆయన వద్దంటే ఆయన్ను తప్పుపట్టలేం. 2002లో ఎబన్-ఎయిడ్‌ను ముంచింది ఇలాంటి లెక్కే.

దారి ఒకటుంది, అది క్రేయాన్ల పెట్టె ఎప్పటినుంచో చూపిస్తున్న దారి. ఒకే పెట్టెలో మూడు ఛాయలూ కలిపి పెట్టడం. ప్రతి విడి కవరు మీద లోపలి రంగు చుక్క ఒకటి అచ్చేయడం. అప్పుడు దుకాణదారు కొనేది ఒక పెట్టే, ఇచ్చేటప్పుడు కవరు చింపకుండానే ఎదుటివాళ్ల చేయి చూసి తీసివ్వగలడు. మన దగ్గర ఎక్కువ కదిలే ఛాయలు మధ్యస్థం, ముదురు కాబట్టి పెట్టెలో వాటి వాటా పెంచాలి, లేతది తగ్గించాలి. ఇవి ఊహలు కావు, విడి సరుకు అమ్మే ఏ వ్యాపారికైనా తెలిసిన పద్ధతులే.

బడి సంగతి ఇంకా సులువు. అక్కడ కొత్త సరుకు రావడానికి ఎదురుచూడనక్కర్లేదు. ఉన్న పెట్టెలోనే గోధుమ రంగు తేలిగ్గా పూసి, దాని మీద నారింజ లేదా పసుపు జీర వేస్తే చామనఛాయ వస్తుంది. ఎరుపు జీర వేస్తే ఇంకో ఛాయ. డ్రాయింగ్ మాస్టారు ఒక పీరియడ్‌లో ప్రతి పిల్లవాడినీ తన మోచేతి పక్కన కాగితం పెట్టుకుని సొంత రంగు కలుపుకోమంటే చాలు. ఆ తర్వాత ‘స్కిన్ కలర్ ఇయ్యిరా’ అన్నవాడిని పక్కవాడు ‘ఎవరిది?’ అని అడుగుతాడు. కంపెనీలు వందేళ్లు ఆలస్యంగా వేసుకున్న ప్రశ్న అదే.